పేరు తెలిసి మందు తెలియని ముప్పై మూడేళ్ళు



1911 ఫిబ్రవరి 21వ తేదీ రాత్రి న్యూయార్క్ నగరములోని కార్నెగీ హాలులో ఒక సంగీత కచేరీ జరిగింది. వాద్యబృందమును నడిపినది గుస్టావ్ మాహ్లర్. అంతకు పూర్వము పదేళ్ళు వియన్నా ఒపేరాకు సారథ్యము వహించిన స్వరకర్త. అప్పటికి ఆయన వయస్సు 50 సంవత్సరములు. ఆ రోజు ఆయనకు జ్వరముగా ఉన్నది. వైద్యుడు వద్దని వారించినా వినక వేదిక ఎక్కారు. ఆయన నడిపిన చివరి కచేరీ అదే అయినది. మూడు నెలలు నిండక మునుపే, మే 18న, వియన్నాలో కన్నుమూశారు.

ఆయన మరణానికి కారణమైన వ్యాధి పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. గుండె లోపలి పొరకు, ముఖ్యముగా గుండె కవాటములకు సూక్ష్మజీవులు పట్టి కలిగే తాపమిది. మాహ్లర్ కథను నేను ఎన్నుకున్న కారణము ఆయన కీర్తి కాదు. ఆయన వ్యాధిని ఆనాటి వైద్యులు ఈనాటి వైద్యులు ఎట్లు కనిపెడతారో దాదాపు అట్లే కనిపెట్టారు. ఏ సూక్ష్మజీవి వలన కలిగినదో కూడ తేల్చి చెప్పారు. కాని ఇవ్వడానికి వారి వద్ద మందు లేదు. ఆ మందు రావడానికి మరో 33 సంవత్సరములు పట్టినది. వచ్చిన తరువాత కూడ దానిని ఎన్నాళ్ళు ఇవ్వాలో తెలిసికొనడానికి కొన్ని ప్రాణములు పోయాయి.

కథ 1907లో మొదలవుతుంది. ఆ వేసవిలో మాహ్లర్ పెద్ద కుమార్తె, పసిబిడ్డ, మరణించినది. ఇంటికి వచ్చిన వైద్యుడు ఆయన గుండెను కూడ పరీక్షించి, కవాటములో దోషమున్నదని చెప్పాడు. వియన్నాలోని నిపుణుడు దానిని ధ్రువపరిచాడు. కొండలెక్కడము, ఈత వంటివి మానమన్నారు. బాగా నడిచే అలవాటున్న మనిషి అడుగులు లెక్కపెట్టే యంత్రమును వెంట పెట్టుకొని తిరిగారట.

ఆయనకు ఉన్నది రుమాటిక్ జ్వరము వలన చెడిన ద్విపత్ర కవాటము. బాల్యములో స్ట్రెప్టోకాకై వలన గొంతునొప్పి కలిగిన కొందరిలో, ఆ సూక్ష్మజీవులపై శరీరము జరిపే పోరాటము పొరపాటున గుండె కవాటములపైకి మళ్ళుతుంది. కవాటపు రెక్కలు మందమై, గరుకుగా తయారవుతాయి. సరిగా తెరుచుకోని, సరిగా మూసుకోని కవాటము గుండా రక్తము సుడులు తిరుగుతూ పోయేటపుడు వైద్యుని చెవికి వినిపించే శబ్దమే మర్మరము. ఈ రుమాటిక్ జ్వరము మన తెలుగునాట ఇంకా పోలేదు. చిన్నప్పుడు కీళ్ళు వాచాయని చెప్పే యువతీయువకుల గుండెపై స్టెతస్కోపు పెడితే ఆ మర్మరమును నేను ఎన్నోసార్లు విన్నాను.

గరుకైన చోట సన్నని రక్తపు గడ్డ పేరుకుంటుంది. నోటిలోని సూక్ష్మజీవులు పళ్ళు తోముకునేటపుడు, ముఖ్యముగా చిగుళ్ళు చెడి ఉంటే, రక్తములోనికి కొంచెముగా ప్రవేశిస్తూనే ఉంటాయి. ఆరోగ్యవంతునిలో అవి నిమిషాలలో నశిస్తాయి. చెడిన కవాటముపై అవి అంటుకొని నిలుస్తాయి. 1885లో లండనులో చేసిన ప్రసంగములలో విలియం ఆస్లర్ ఈ వ్యాధిని సమగ్రముగా వర్ణించి, అంతకు ముందే చెడిన కవాటములపై ఇది తరచుగా కలుగుతుందని, బ్రతికి ఉండగా దీనిని గుర్తించడము చాలా కష్టమని చెప్పాడు. ఆస్లర్ కాలములో అనేకుల వ్యాధి పేరు శవపరీక్షలో గాని తెలిసేది కాదు.

ఆ పరిస్థితిని మార్చిన వారిలో ముఖ్యుడు న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యుడు ఇమాన్యుయేల్ లిబ్‌మన్. మాహ్లర్ వైద్యుడు జోసెఫ్ ఫ్రెంకెల్‌కు అనుమానము కలిగి ఆయనను పిలిపించాడు. లిబ్‌మన్ ఏమేమి చూశాడో మనకు తెలుసు. చాలా దినములుగా సన్నని జ్వరము. గుండెపై స్పష్టమైన మర్మరము. చేతికి తగులుతున్న ప్లీహము. కనురెప్పల లోపలి పొరలోను, చర్మముపైన చిన్న చిన్న రక్తపు చుక్కలు. వేళ్ళ చివరలు కొద్దిగా ఉబ్బడము. వీటిలో ఏ ఒక్కటీ విడిగా వ్యాధిని నిరూపించదు. అన్నీ కలిసి ఒకే చోట ఉండడము లిబ్‌మన్‌కు సరిపోయినది. అయినా ఆయన అక్కడ ఆగలేదు. రక్తమును సాగు చేసి చూడవలసినదే అన్నాడు.

ఆ పనికి ఆయన పిలిచినది తన యువ సహాయకుడు జార్జ్ బేర్‌ను. బేర్ పరికరములతో మాహ్లర్ బస చేసిన హోటలుకు వెళ్ళి, చేతి సిర నుంచి 20 మిల్లీలీటర్ల రక్తము తీశాడు. కొంత రక్తమును పోషక ద్రవమున్న సీసాలలో పోశాడు. మిగిలిన దానిని కరిగించిన అగార్‌తో కలిపి గాజు పళ్ళెములలో పోశాడు. నాలుగైదు దినములు వెచ్చని పెట్టెలో ఉంచిన పిమ్మట పళ్ళెములన్నిటిలోను అనేక సూక్ష్మజీవ సముదాయములు కనిపించాయి. సీసాలన్నిటిలోను అదే జాతి పెరిగినది. అది స్ట్రెప్టోకాకస్ విరిడాన్స్. రక్తము కలిపిన అగార్‌పై తన చుట్టూ ఆకుపచ్చని ఛాయను కలిగించడము వలన, పచ్చదనమును సూచించే లాటిన్ మాటతో దానికి ఆ పేరు వచ్చినది. అది మన అందరి నోళ్ళలోను నివసించేదే.

ఈ పరీక్షలోని తెలివిని కొంచెము వివరించాలి. సూది గుచ్చినపుడు చర్మముపైని సూక్ష్మజీవి ఒకటి సీసాలో పడితే అది కూడ పెరుగుతుంది. దానిని చూసి రోగి రక్తములో సూక్ష్మజీవులున్నాయని భ్రమపడే ప్రమాదము ఉన్నది. చర్మము నుంచి వచ్చినదైతే సాధారణముగా ఒక సీసాలోనో, ఒక పళ్ళెములోనో కనిపిస్తుంది. అన్నిటిలోను ఒకే జీవి, అదీ అధిక సంఖ్యలో పెరిగినదంటే, అది రక్తములో నిలకడగా ప్రవహిస్తున్నదని అర్థము. కవాటముపైని సూక్ష్మజీవులు రేయింబవళ్ళు రక్తములోనికి రాలుతూనే ఉంటాయి కనుక ఇట్లు జరుగుతుంది. నేడు మేము చేసేది కూడ ఇదే. ఒక చోటికి బదులు మూడు వేర్వేరు చోట్ల సూది గుచ్చి, మొదటి దానికి చివరి దానికి కనీసము గంట వ్యవధి ఉండేటట్లు, ప్రతి సారీ సుమారు 20 మిల్లీలీటర్లు తీస్తాము. నూరేళ్ళు దాటినా ఆ 20 మారలేదు. ఇంత రక్తమెందుకని రోగి బంధువులు కోపగించుకోవడము నాకు బాగా అనుభవము. మిల్లీలీటరు రక్తములో ఈ సూక్ష్మజీవులు కొద్దిపాటిగానే ఉంటాయి. తక్కువ రక్తము తీస్తే ఒక్కటి కూడ సీసాలో పడకపోవచ్చును.

మాహ్లర్ తనకు నిజము చెప్పమని పట్టుబట్టారు. చెప్పారు. వియన్నాలో చనిపోవాలని ఉన్నదన్నారు. ఓడలో ఐరోపాకు తీసుకువెళ్ళారు. పారిస్‌లో సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు ఆండ్రే షాంటమెస్ మరల రక్తమును పరీక్షించి అదే ఫలితము చూశాడు. సూక్ష్మదర్శిని కింద గొలుసులుగా అమరిన ఆ స్ట్రెప్టోకాకైలను మాహ్లర్ భార్యకు ఉత్సాహముగా చూపించాడని ఆమె తన జ్ఞాపకాలలో వ్రాసినది. వైద్యుని వృత్తిలో ఉన్నవానిగా ఆ ఘట్టము చదివినపుడు నాకు సిగ్గు కలుగుతుంది. ఆ ఉత్సాహము నాకు తెలియనిది కాదు.

1930ల చివరలో సల్ఫా మందులు వచ్చాయి. వాటితో నయమైనవారు బహు కొద్దిమంది. 1940 అక్టోబరులో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యుడు మార్టిన్ హెన్రీ డాసన్, తన ప్రయోగశాలలో సహచరులతో కలిసి బూజు నుంచి స్వయముగా తయారు చేసిన పెన్సిలిన్‌ను ఈ వ్యాధిగ్రస్తులకే మొదట ఇచ్చాడు. అది అత్యల్పము. మూత్రపిండములు దానిని గంటలలోనే బయటకు పంపివేస్తాయి. ఆ ప్రయత్నము సూక్ష్మజీవులను కదిలించలేకపోయినది.

యుద్ధకాలములో అమెరికాలో పెన్సిలిన్ పంపకము ఒక ప్రభుత్వ సంఘపు చేతిలో ఉండేది. చెస్టర్ కీఫర్ దాని అధ్యక్షుడు. 1943లో చూసిన ఫలితములలో గాయాలకు, న్యుమోనియాకు పెన్సిలిన్ అద్భుతముగా పనిచేసినది. ఎండోకార్డైటిస్ రోగులలో మాత్రము జ్వరము తగ్గడము, మందు ఆపగానే తిరగబెట్టడము, రోగి మరణించడము. మందు కొరతగా ఉన్నది, సైనికులు ఎదురు చూస్తున్నారు. కాబట్టి ఎండోకార్డైటిస్ రోగులకు పెన్సిలిన్ ఇవ్వరాదని సంఘము నిర్ణయించినది. ఆయనను కఠినాత్ముడని తిట్టడము సులభము. ఆయన ముందున్న లెక్కలు చూస్తే నేనైనా అదే నిర్ణయము చేసి ఉండేవాడిని. లెక్కలలో తప్పు లేదు. ఇచ్చిన మోతాదు, ఇచ్చిన దినములు తక్కువ.

బ్రూక్లిన్‌లోని యూదు ఆసుపత్రి వైద్యుడు లియో లోవ్ ఆ నిర్ణయానికి తల ఒగ్గలేదు. అదే బ్రూక్లిన్‌లో పెన్సిలిన్‌ను తయారు చేస్తున్న ఫైజర్ సంస్థ అధికారి జాన్ స్మిత్‌ను ఆశ్రయించాడు. స్మిత్ అంటురోగము వలన తన కుమార్తెను పోగొట్టుకున్నవాడు. ఆయన రోగిని చూసి, మందు ఇప్పించాడు. లోవ్ దానిని సిరలోనికి చుక్కలు చుక్కలుగా, రాత్రింబవళ్ళు ఆపకుండా, వారముల తరబడి ఎక్కించాడు. రక్తము గడ్డకట్టకుండా హెపారిన్ కూడ కలిపాడు. 1944 జనవరిలో అమెరికను వైద్యసంఘపు పత్రికలో వరుసగా ఏడుగురికి నయమైనదని ప్రకటించాడు. అంతవరకు దాదాపు అందరూ చనిపోయే వ్యాధిలో వరుసగా ఏడుగురు! హెపారిన్ మేలు చేయకపోగా మెదడులో రక్తస్రావపు ముప్పు తెస్తుందని తరువాత తెలిసి దానిని విడిచిపెట్టారు. ఫలితానికి కారణము పెన్సిలిన్ మోతాదు, దానికంటె ముఖ్యముగా దాని కాలము.

ఎంత కాలము అన్న ప్రశ్నకు జవాబు ఇంగ్లండు నుంచి వచ్చినది. రోనాల్డ్ క్రిస్టీ ఆధ్వర్యములో 14 కేంద్రములలో చికిత్స పొందిన 147 మంది అనుభవమును 1946లో ప్రకటించారు. కొన్ని దినములు మాత్రమే మందు పొందినవారిలో వ్యాధి ఎక్కువగా తిరగబెట్టినది. దినమునకు 5 లక్షల యూనిట్ల చొప్పున కనీసము 28 దినములు ఇవ్వాలని వారు తేల్చారు. మోతాదు తరువాత ఎంతో పెరిగినది. నాలుగు వారములు మాత్రము నేటికీ నిలిచినది.

ఇన్ని వారములు ఎందుకు కావాలో చెబుతాను. కవాటముపై పెరిగే ముద్దను వైద్యులు వెజిటేషన్ అంటారు. మొలక అని నేను రోగులకు చెప్పేవాడిని. అది రక్తపు గడ్డలోని పోగులు, సూక్ష్మజీవులు కలిసిన ముద్ద. దానిలోనికి రక్తనాళములు పోవు. కాబట్టి సూక్ష్మజీవులను మ్రింగే తెల్లకణములు లోపలికి చేరలేవు. ఒక్క గ్రాము మొలకలో వందకోట్లకు మించి సూక్ష్మజీవులు ఉండవచ్చును. లోతున ఉన్నవి ఇంచుమించు నిద్రలో ఉన్నట్లు, విభజన చెందకుండా పడి ఉంటాయి. పెన్సిలిన్ పనిచేసేది సూక్ష్మజీవి కొత్త గోడను కట్టుకునే సమయములో. నిద్రలో ఉన్న దానిని అది ముట్టుకోలేదు. మందు మొదలు పెట్టిన కొన్ని దినములకే పైపొరలోనివి చచ్చి, రక్తములోనికి రాలడము ఆగి, జ్వరము తగ్గుతుంది. రోగికి నయమైనట్లు అనిపిస్తుంది. లోపలివి మేలుకొన్నపుడెల్లా మందు అక్కడ సిద్ధముగా ఉండాలి. ఆ కాపలాయే నాలుగు వారములు.

ఇప్పుడు మా ఊరి కథ. నేను ఉద్యోగములో ఉన్న రోజులలో 26 సంవత్సరముల దర్జీ ఒకరు తల్లితో వచ్చారు. ఆరు వారములుగా సాయంత్రపు జ్వరము. ఏడు కిలోల బరువు తగ్గారు. వైడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అని ఒక చోట అయిదు రోజులు సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు చేశారు. జ్వరము తగ్గి, వారము తిరగక ముందే మరల వచ్చినది. మరల అయిదు రోజులు. మరల తగ్గి, మరల వచ్చినది. “డాక్టరు గారూ, టైఫాయిడ్ రెండుసార్లు తిరగబెట్టింది బాబూ,” అన్నది తల్లి. సెఫ్‌ట్రయాక్సోన్ ఎండోకార్డైటిస్‌కు కూడ పనిచేసే మందే. అయిదు రోజులు ఇస్తే 1943 నాటి కథ పునరావృతమవుతుంది.

ఆయన పాత చీటీలో ద్విపత్ర కవాటపు మర్మరము ఉన్నదని వ్రాసి ఉన్నది. కూర్చోబెట్టి, ముందుకు వంగమని, ఊపిరి వదిలి బిగపట్టమని చెప్పి విన్నాను. రొమ్ము ఎముకకు ఎడమ ప్రక్కన, రెండవ గుండెచప్పుడు తరువాత, ఊదినట్లున్న మెత్తని శబ్దము వినిపించినది. పాత చీటీలో అది లేదు. బృహద్ధమని కవాటము కారుతున్నదన్నమాట. జ్వరముతో ఉన్న మనిషిలో కొత్త మర్మరము పుట్టినదంటే కవాటము తెగుతున్నదేమో అని అనుమానించాలి. ఈ శబ్దము అందరిలో వినిపించదు, తొందరలో విన్నవారికి అసలు వినిపించదు. మూత్రములో ఎర్రకణములు కనిపించాయి. ఎకోకార్డియోగ్రాములో బృహద్ధమని కవాటముపై 8 మిల్లీమీటర్ల మొలక కనిపించినది.

నేను మందులన్నీ ఆపించాను. “జ్వరముతో మండిపోతుంటే ఉన్న మందు తీసేస్తారా?” అని మేనమామ నాపై కేకలు వేశారు. ఆయన బాధలో న్యాయమున్నది. రోగి నీరసముగా ఉన్నా ఆయాసము లేదు, రక్తపుపీడనము నిలకడగా ఉన్నది. అందువలన ఆగగలిగాను. రోగి ప్రమాదస్థితిలో ఉంటే ఆగరాదు. గంటలోపు మూడు చోట్ల రక్తము తీసుకొని వెంటనే మందు మొదలు పెట్టాలి. మొదటి మూడు కల్చర్లలో ఏమీ పెరగలేదు. లోపలికి వెళ్ళిన ఇంజెక్షన్ల ప్రభావమది. ఏమీ పెరగలేదంటే వ్యాధి లేదని కాదు. మూడు దినములు ఆగి మరల మూడు చోట్ల తీశాము. ఈసారి అన్ని సీసాలలోను విరిడాన్స్ జాతి స్ట్రెప్టోకాకై పెరిగాయి. పెన్సిలిన్‌కు లొంగేవే.

పెన్సిలిన్ 4 గంటలకొకసారి 30 లక్షల యూనిట్లు, అనగా దినమునకు 180 లక్షలు, సిర ద్వారా ఇచ్చాము. నాలుగవ దినమునకు జ్వరము తగ్గినది. రెండు దినములకొకసారి కల్చర్ చేసి, ఏమీ పెరగని మొదటి దినము నుంచి 28 లెక్కించడము మొదలు పెట్టాము. చాలామంది మందు మొదలు పెట్టిన తేదీ నుంచి లెక్కిస్తారు. అది సరి కాదు. ప్రతి ఉదయము ఇ.సి.జి. తీయించేవాడిని. బృహద్ధమని కవాటము క్రింద చీము చేరితే పక్కనే ఉన్న విద్యుత్ ప్రసారమార్గము దెబ్బతిని, పి.ఆర్. కాలము పెరుగుతుంది. ఆ ఒక్క గీత పొడవు పెరిగినదంటే శస్త్రచికిత్సకులకు కబురు చేయాలి. ఆయాసము వచ్చినా, మాట తడబడినా అంతే. ఆయనకు అవి రాలేదు.

తొమ్మిదవ దినమున ఇంటికి పంపమన్నారు. జ్వరము లేదు, ఆకలి వేస్తున్నది, పెళ్ళిళ్ళ రోజులు, కుట్టవలసిన బట్టలు పేరుకుపోయాయి. నేను ఆయన మంచము మీద కూర్చొని బ్రూక్లిన్ కథ చెప్పాను. కీఫర్ పేరు ఆయనకు అక్కరలేదు. మందు ఆపగానే తిరగబెట్టి చనిపోయినవారి సంగతి అక్కరకు వచ్చినది. ఉన్నారు. ముంజేతులలో సిరలు ఒకటి తరువాత ఒకటి గట్టిపడుతుంటే సూదిని మార్చుకుంటూ 28 దినములు గడిపారు. అప్పుడప్పుడు నన్ను అడిగేవారు, “లోపలివి ఇంకా నిద్రలోనే ఉన్నాయా సార్?” అని.

నేడు కొందరిలో, పది దినములైనా సిర ద్వారా మందు ఇచ్చి, పరిస్థితి నిలకడ పడిన పిదప, రెండు మందులను కలిపి నోటి ద్వారా ఇచ్చి చికిత్స పూర్తి చేయవచ్చునని డెన్మార్క్‌లో 400 మందిపై జరిపిన పరిశోధన చూపినది. అందులోను మొత్తము వారములు తగ్గలేదు. మందు వెళ్ళే దారి మాత్రమే మారినది.

లిబ్‌మన్ 1946లో మరణించాడు. తాను వేలితో తాకి, చెవితో విని గుర్తించిన వ్యాధికి మందు దొరకడము ఆయన చూశాడు. హోటలు గదిలో రక్తము తీసిన జార్జ్ బేర్ 1978 వరకు జీవించాడు. దశాబ్దముల తరువాత ఒక ఉత్తరములో ఆ సీసాలను, పళ్ళెములను, మాహ్లర్ అడిగిన ప్రశ్నను గుర్తు చేసుకొని వ్రాశాడు. మా దర్జీకి మందు ఆపిన తరువాత మరల కల్చర్ చేశాము. ఏమీ పెరగలేదు. కవాటము కొంచెము కారుతూనే ఉన్నది. ఏడాదికొకసారి ఎకోకార్డియోగ్రాముకు వచ్చినపుడు, పన్ను పీకించుకునే ముందు మందు వేసుకోవాలా అని తప్పక అడిగి, చీటీ వ్రాయించుకొని వెళ్ళేవారు.